పేరు చెప్పని ఎరుక

(ఎరుక చెప్పడం నేర్చుకుంటున్న యువతీ యువకుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా గురించి ఒక్క మాట చెప్పి అసలు సంగతిలోకి వస్తాం. మేము బీఎడ్ చదివి, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పని చేస్తున్నాం. ఉద్యోగం వచ్చాక గంప తలకెత్తుకుని వీధి తిరగలేదు. అంతకుముందు చిన్నప్పుడు సెలవులొస్తే మా అమ్మ వెంట, మా పెద్దమ్మ వెంట ఊళ్ళు తిరిగాం. ఇప్పటికీ పండక్కి ఇంటికి వెళితే, అడిగినవాళ్ళకు రూపాయి తీసుకోకుండా ఎరుక చెబుతూనే ఉన్నాం. కోల పట్టుకోవడం, చేటలో బియ్యం పోసుకోవడం, దేవతలను వరుసగా పిలవడం మీకు పెద్దమ్మలు నేర్పుతున్నారు. ఆ పని వాళ్ళకే బాగా వచ్చు. మమ్మల్ని మాట్లాడమన్నది వేరే సంగతి మీద. మన ముందు చెయ్యి చాపి కూర్చునే మనిషితో మనం ఎలా ఉండాలి అన్నది.

మొన్న తరగతి అయ్యాక మీలో కొందరు మాట్లాడుకోవడం విన్నాం. ఒకమ్మాయి, "ఏం చెప్పినా నమ్ముతారక్కా, ఎర్రి జనం" అని నవ్వింది. ఇంకో అబ్బాయి, "నేను మొహం చూడగానే పట్టేస్తా" అన్నాడు. పిల్లలూ, ఈ రెండు మాటలూ వేరుగా కనిపిస్తాయి గానీ రెండూ ఒకటే. ఒకదాంట్లో ఎదుటి మనిషికి ఏమీ తెలియదన్న అహంకారం ఉంది. ఇంకోదాంట్లో నాకు అంతా తెలుసన్న అహంకారం ఉంది. ఎరుక చెప్పేవాళ్ళను చెడగొట్టేవి ఈ రెండే.

శ్రీనివాస కళ్యాణం కథ మీకు తెలుసు. వేంకటేశ్వరస్వామి మన ఎరుకలసాని వేషం కట్టి, గంప ఎత్తుకుని నారాయణవనం వెళ్ళి, పద్మావతి తల్లి ధరణీదేవికి ఎరుక చెప్పాడు. మన పెద్దలు ఈ కథను గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ గంప ఎత్తుకున్నది దేవుడు. పద్మావతి మనసులో ఎవరున్నారో ఆయనకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ ఉన్నది ఆయనే. మన గంప కింద ఉన్నది మనిషి తల. మనకు ముందే ఏమీ తెలియదు.

మరి మనం చెప్పగానే ఇంటామె కళ్ళనీళ్ళు పెట్టుకుని "ఉన్నదున్నట్టు చెప్పావమ్మా" అంటుంది కదా, అది ఎలా? ఇది మీరు తెలుసుకుని తీరాలి. తెలియకపోతే ఆ మెప్పు తలకెక్కుతుంది.

బీఎడ్‌లో సైకాలజీ చదివేటప్పుడు మాకు ఒక ప్రయోగం గురించి చెప్పారు. అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 1948లో తన తరగతిలో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత, ఇదిగో నీ స్వభావం ఇది అంటూ ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చాడు. అది ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తర్వాత చూస్తే అందరి చేతుల్లో ఉన్నది ఒకే కాగితం. అందులో వాక్యాలు కూడా ఎక్కువభాగం జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవే.

ఇది చదివినప్పుడు మాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఏ ఇంటికి వెళ్ళినా ఆమె మొదటి మాటలు ఇంచుమించు ఒకటే. నలుగురికీ పెడతావు, నీకు పెట్టేవాళ్ళు లేరు. మాట మీదికి చెప్పవు, మనసులో కుమిలిపోతావు. కొంతకాలంగా నీ మనసు మనసులో లేదు. ఈ మాట సరిపోని ఇల్లాలు ఏ ఊళ్ళో ఉంటుంది చెప్పండి? ఆ మాట పడగానే ఇంటామె చెయ్యి మన చేతిలో బిగుస్తుంది. "అవునమ్మా, పెద్దాడి గురించే" అంటుంది. పెద్దాడి సంగతి చెప్పింది ఆమె, మనం కాదు. "ఉద్యోగం దగ్గర ఆగిపోయింది" అని ఆమె అంటే, మనం దాన్ని తిప్పి "ఉద్యోగం గడపలో అడ్డం ఉంది తల్లీ" అంటాం. సాయంత్రం పక్కింటామెతో ఆమె ఏమని చెబుతుంది? "మా పెద్దాడి ఉద్యోగం సంగతి ఎంత బాగా చెప్పిందో!" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆమెకు అలా గుర్తుంటుంది.

అంటే మనం చెప్పామని పేరొచ్చే ఎరుకలో చాలా భాగం ఎదుటివాళ్ళు ఇచ్చిందే. చేటలో బియ్యం పోసింది ఆమె, మాట పోసింది కూడా ఆమే. మన పని ఆ మాటను శుభ్రం చేసి ఆమెకే తిరిగి ఇవ్వడం. అందుకే ఆమె ఎర్రిది కాదు, మనం సర్వజ్ఞులమూ కాదు. ఊళ్ళో ఎవరితోనూ చెప్పుకోలేని సంగతిని, రేపు మళ్ళీ కనిపించని మనిషి దగ్గర దించుకోవడానికి వచ్చిన ఒక తల్లి ఆమె. అంత నమ్మకం మన చేతిలో పెట్టింది కాబట్టే జాగ్రత్త కావాలి.

ఇప్పుడు ఆ జాగ్రత్త ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ కావాలో, ఒక సంగతి చెబుతాం. మా అమ్మ ఎరుక చెబుతుండగా పక్కన కూర్చుని చూసింది.

కోతలైపోయిన రోజులు. ఒక ఊళ్ళో పెద్ద అరుగు ఉన్న ఇల్లు. మధ్యాహ్నం వేళ ఇంటి పెద్దామె మమ్మల్ని పిలిచింది. యాభై దాటి ఉంటాయి. చేటలో బియ్యం, పసుపు, కుంకుమ, పైన పది రూపాయలు పెట్టింది. కోడలు వాకిట్లో గిన్నెలు తోముతోంది. మా అమ్మ దేవతలను పిలిచి కోల అరచేతికి ఆనించింది. పెద్దామె ఆగలేకపోయింది. "రెండు తులాల గొలుసు పోయింది. తీసింది ఇంటి చెయ్యా, బయటి చెయ్యా? అది ఒక్కటి చెప్పు చాలు" అంది. అంటూ వాకిట్లోకి చూసింది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పిల్లలూ, ఈ ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. పోయిన వస్తువు గురించి అడగని ఊరు లేదు. అందుకే దీన్ని విప్పి చూద్దాం.

"ఇంటి చెయ్యా, బయటి చెయ్యా" అన్నప్పుడు ఆమె అడుగుతున్నది గొలుసు గురించి కాదు. మనసులో ఒక మనిషిని ముందే పెట్టుకుంది. దానికి మన నోటితో ముద్ర వేయమంటోంది. మనం "ఇంటి చెయ్యే" అంటే కోడలి బతుకు అయిపోయింది. "బయటి చెయ్యి" అంటే పాలు పోసే అమ్మాయో, పొలం పనికి వచ్చే మనిషో ఇరుక్కుంటారు. కొందరు తెలివిగా పేరు చెప్పకుండా, "తెలిసిన చెయ్యే, ఆడమనిషి, వయసు చిన్నది, తూర్పు దిక్కున తిరిగే మనిషి" అంటారు. అది పేరు చెప్పకపోవడం అనుకుంటారు. కానే కాదు. ఆ గుర్తులు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి సరిపోతాయి. ఎవరికి సరిపోతాయో మనం తేల్చం, అనుమానం తేలుస్తుంది. మనం సాయంత్రానికి పక్క ఊరు దాటిపోతాం. నింద ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

మా అమ్మ ఏం చేసిందో వినండి. కోల తీసి చేట మీద పెట్టేసింది. "తల్లీ, మా ఎరుక మనిషి పేరు చెప్పదు. చెప్పే ఎరుక ఎక్కడన్నా ఉంటే అది ఎరుక కాదు. పోయిన దారి వెతుకుదాం, కూర్చో" అంది. ఆ మాట కోడలికి వినబడేంత గట్టిగా అంది. అది కావాలనే.

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. గొలుసు నీ మెడలో ఉందని ఆఖరున ఎప్పుడు చూసుకున్నావు? చూసుకున్నావా, ఉందనుకున్నావా? పెద్దామె ముందు "మొన్న శుక్రవారం దాకా ఉంది" అంది. కాస్త ఆలోచించి, "శుక్రవారం నేను చూడలేదు, అంతకుముందు పెళ్ళికి వెళ్ళినప్పుడు వేసుకున్నా" అంది. అంటే పోయినరోజు అనుకున్నది శుక్రవారం కాదు, ఇంకా ముందు. పెళ్ళి నుంచి వచ్చి ఎక్కడ తీశావు? చెమటకు మెడ దురద పెడితే పడుకునే ముందు తీశాను. తీసి ఏ చేత్తో ఎక్కడ పెట్టావు? తలగడ కిందనుకుంటా. పెళ్ళి చీర ఎక్కడుంది? మడతపెట్టి పెట్టెలో ఉంది. దిండు గలీబు ఉతికారా? గొలుసు కొక్కెం వదులుగా ఉండేదా? ఇంట్లో బంగారం మామూలుగా ఎక్కడ దాస్తావు? బియ్యం డబ్బాలో. అందులో చెయ్యి పెట్టి చూశావా, గుమ్మరించి చూశావా?

చీర మడతలు, గలీబు లోపలి మూల, బియ్యం డబ్బా అడుగు, స్నానాల గది నీళ్ళు పోయే తూము, ఈ నాలుగూ చూడమని చెప్పింది. అప్పటికీ దొరక్కపోతే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఎవరి మీదా నింద వేయకుండా, పెళ్ళి రోజు నుంచి ఎవరికి ఏం గుర్తుందో చెప్పమనమంది. చివరిగా, "ఇంట్లో అవసరం ఎవరికి పడిందో కూడా అడుగమ్మా" అంది. ఈ మాట ఎందుకంటే, పెట్టుబడికో ఫీజుకో ఇంటి మగవాళ్ళే చెప్పకుండా బంగారం కుదువ పెట్టడం ఊళ్ళలో కొత్త కాదు. అలాగని "నీ మొగుడే పెట్టాడు" అన్నా మళ్ళీ పేరు చెప్పినట్టే. అందుకే ప్రశ్నగా వదిలేసింది. ఈ రోజుల్లో అయితే మీరు ఇంకొకటి చేర్చాలి. దొంగతనమే అని ఆధారం కనిపిస్తే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వమనండి. కేసు నమోదు చేస్తే ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోమనండి.

గొలుసు దొరికిందా అంటారా? దొరకలేదు. రెండేళ్ళ తర్వాత అదే ఊరు వెళితే పెద్దామే చెప్పింది, ఇంతవరకూ దొరకలేదమ్మా అని. ఆరోజు చేటలో బియ్యం పోసి తెచ్చింది ఆ కోడలే. చంకలో పిల్లాడున్నాడు. మా అమ్మ ఎరుక గొలుసు తేలేకపోయింది. కానీ ఆ పిల్ల ఆ ఇంట్లో దొంగ అనిపించుకోకుండా కాపురం చేసుకుంటోంది. మా లెక్కలో ఆ ఎరుక ఫలించింది.

ఈ మాట మిగతావాళ్ళకన్నా మనకు ఎక్కువ తెలియాలి. ఎందుకో చెబుతాం. ఎవరూ చూడకుండా, సాక్ష్యం లేకుండా "వీళ్ళే దొంగలు" అంటే ఎలా ఉంటుందో మన తాతలకు తెలుసు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజ్యానికి కూడా పెట్టారు. ఆ చట్టం కింద మన ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్తులని రాసేశారు. వేలిముద్రలు తీసుకున్నారు. రాత్రిపూట హాజరు పలకాలన్నారు. ఊరు దాటాలంటే పాసు ఉండాలన్నారు. స్టూవర్టుపురం, సీతానగరం, కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంట్లు అలా పుట్టినవే. దేశం మొత్తం మీద ఆ ముద్ర చట్టం నుంచి తీసేసింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయినా చూపు ఇంకా పూర్తిగా పోలేదు. కొత్త ఊళ్ళో గంప దించితే తలుపు గడియ పెట్టుకునే ఇళ్ళు మీరూ చూసి ఉంటారు.

ఇంత అనుభవించిన కులంలో పుట్టి, ఒక చేటెడు బియ్యం కోసం ఇంకొకరి బిడ్డను దొంగ అని చెప్పగలమా? దొంగతనం దగ్గరే కాదు. "నాకు ఎవరో చేశారు, ఎవరో చెప్పు" అని అడుగుతారు. చేతబడి అనీ, చిల్లంగి అనీ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పత్రికల్లో వచ్చాయి. అలాంటి చోట "నీ ఇంటికి దక్షిణాన ఉన్న ముసలిది" అన్న ఒక్క మాట చాలు. అందుకే మన పెద్దల నియమం మీరు ఈ తరగతిలో మొదటి పాఠంగా రాసుకోండి: ఎరుక దారి చెబుతుంది, పేరు చెప్పదు, దిక్కు చూపదు, గుర్తులు చెప్పదు.

ఇలాంటివే ఇంకో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది, కడుపుతో ఉన్న ఆడబిడ్డను కూర్చోబెట్టి అత్తగారు అడిగే "మగపిల్లాడా, ఆడపిల్లా?" అన్నది. స్కానింగ్ చేసి పుట్టబోయేది ఎవరో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. అది స్కానింగ్ మిషన్ల కోసం కదా, మనకేం అనుకోవద్దు. మిషన్ చెప్పినా, మన నోరు చెప్పినా ఆ బిడ్డ తల్లి మీద పడే బరువు ఒకటే. "ఆడపిల్ల" అంటే ఆ రోజు నుంచి ఆమె కంచంలో పెట్టేది మారిపోయే ఇళ్ళున్నాయి. "మగపిల్లాడు" అని ఆడపిల్ల పుడితే తప్పు మన మీద పడదు, ఆ తల్లి మీదే పడుతుంది. "తల్లీ బిడ్డా సుఖంగా ఉండాలని కొల్లాపురమ్మను వేడుకుంటా, అది మాత్రం అడగొద్దమ్మా" అని చేతులు జోడించండి. కాస్త నవ్వుతూ, మర్యాదగా చెబితే ఎవరూ కోపం తెచ్చుకోరు.

రెండోది మందుల సంగతి. మూర్ఛ వచ్చే పిల్లను తీసుకొస్తారు. అమ్మవారు వస్తోందా, గాలి సోకిందా అని అడుగుతారు. మొక్కు చెప్పండి, దారం కట్టండి, దానికేమీ అడ్డం లేదు. కానీ ఆ పిల్ల మాత్రలు వేసుకుంటోందా అని ముందు అడగండి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వరుసగా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మొక్కు తీరేవరకు మందు మానమని ఎప్పుడూ అనకండి. "మొక్కు మొక్కే, మాత్ర మాత్రే, రెండూ వదలకు" అనండి. మా హాస్టల్లో ఏ పిల్లకైనా ఇదే మాట చెబుతాం. ఇంకా, ఎవరైనా చెయ్యి ఇచ్చి "బతకాలని లేదమ్మా" అంటే ఆ రోజు ఎరుక ఆపేయండి. ఆమెను ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఆమె నమ్మే మనిషిని పిలవండి. టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఇక మాట తీరు. కొందరు ఇళ్ళవాళ్ళు మనల్ని ఇప్పటికీ "ఏమే, ఇటు రా" అని పిలుస్తారు. మీరు డిగ్రీ చదువుతున్నారు, మీకు రోషం వస్తుంది, రావాలి కూడా. అణకువ అంటే అవమానం పడటం కాదు. "అమ్మా, నా పేరు పెట్టి పిలవండి" అని మీరు నెమ్మదిగా చెప్పొచ్చు. నచ్చకపోతే గంప ఎత్తుకుని వచ్చేయొచ్చు. కానీ ఒకసారి చెయ్యి పట్టుకున్నాక మాత్రం ఆ మనిషిని కించపరచకూడదు. అణకువ మన చేతిలో ఉన్న బలం దగ్గర ఉండాలి. ఎదురుగా ఉన్నది భయంలో ఉన్న మనిషి. ఆ క్షణంలో బలం మనదే.

ఆ బలం ఎక్కడ జారుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. "నీ ఇంట్లో చావు కనబడుతోంది" అని మొదలుపెట్టి, ఇంటామె మొహం పాలిపోగానే "అయిదు వేలు ఖర్చుపెడితే తప్పిస్తా" అన్నామంటే జారింది అని అర్థం. భయం ముందు, బేరం తర్వాత వచ్చాయంటే అది ఎరుక కాదు. అందుకే మా పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. చేటలో పెట్టిందే ఆమె కూలి. కోల పట్టుకున్నాక ఇంకో పైసా అడిగేది కాదు. కష్టం చెప్పుకున్న మనిషి దగ్గర రెండోసారి అడగడం పుండు మీద వేలు పెట్టడమే అనేది. మీరూ ముందే ఇంత అని చెప్పుకోండి, అంతటితో ఆపండి. అప్పుచేసి ఇవ్వబోతే తీసుకోకండి.

చివరిది గుట్టు. మన పెద్దలకు ఇది సులువు. చెప్పింది గాలిలో కలిసిపోయేది, మరుసటి రోజు వాళ్ళు వేరే ఊళ్ళో ఉండేవాళ్ళు. మీ చేతిలో ఫోన్ ఉంది. మన కళను వీడియో తీసి నలుగురికీ చూపించాలని మీకుంది, సంఘం కూడా కోరుకుంటోంది. తప్పకుండా చూపించండి. కానీ చూపించాల్సింది మన గంప, మన కోల, దేవతలను పిలిచే మన గొంతు. అడగవచ్చిన మనిషి మొహం, ఆమె ఏడుపు, ఆమె ఇంటి గొడవ మనవి కావు. "అమ్మా, తీసుకోవచ్చా?" అని అడిగితే సరిపోతుందా? ఏడుస్తున్న మనిషి దేనికైనా తల ఊపుతుంది. అందుకని ఎరుక జరుగుతున్నంతసేపు ఫోన్ గంపలో ఉండాలి. వీడియో కావాలంటే ఇక్కడ తరగతిలో ఒకరు అడిగేవాళ్ళుగా, ఒకరు చెప్పేవాళ్ళుగా కూర్చుని తీయండి.

పిల్లలూ, ఈ తరగతి అయ్యేలోపు మీ చేత ఒక పని చేయించమని పెద్దమ్మలను అడిగాం. ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఒకరు గొలుసు పోయిన ఇంటామె. "ఇంటి చెయ్యా, బయటి చెయ్యా, అది చెప్పు" అని వదలకుండా అడుగుతూనే ఉండాలి. కోపం తెచ్చుకోవాలి, బియ్యం వెనక్కి తీసుకుంటాననాలి. రెండోవాళ్ళు పేరు గానీ, దిక్కు గానీ, గుర్తు గానీ నోట రానివ్వకుండా, ఆమెను చిన్నబుచ్చకుండా, ఆఖరున ఎప్పుడు చూసుకుందో కనుక్కోవాలి. మీరు అనుకున్నంత తేలిక కాదు. మా హాస్టల్లో పెన్ను పోయినా పిల్లలు మా దగ్గరికి వచ్చి అడిగేది ముందు అదే, "ఎవరు తీశారు మేడమ్?" అని. ఆ ప్రశ్నకు పేరు చెప్పకుండా ఉండటం మేము రోజూ అభ్యాసం చేస్తున్నాం.

సరే, చేటలు తీసుకోండి. ఎవరు ముందు కూర్చుంటారు?